ఏడుగురు మనుషులు, వాళ్ల సామాను: ఉమ్మడి కుటుంబానికి ఎస్‌యూవీ కంటే ఎంపీవీ ఎందుకు నయం?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అమలాపురం వెళ్లాల్సిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాతయ్య, నాయనమ్మ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పదేళ్ల మనవరాలు. మొత్తం ఏడుగురు. ఇన్నాళ్లూ సగం మంది కారులో, సగం మంది రైల్లో వెళ్లేవారు. ఈసారి అందరూ ఒకే బండిలో వెళ్లాలని ఏడు సీట్ల కారు చూడటానికి షోరూమ్‌కు వెళ్లారు. అక్కడ ఎత్తైన ఎస్‌యూవీ ఒకటి ఉంది. సేల్స్‌మన్ వెనక తలుపు తెరిచి చూపిస్తే డిక్కీ చిన్న గదిలా కనిపించింది. చిన్న కోడలు మాత్రం ఒక మాట అడిగింది: "చివరి వరుస సీట్లు లేపి చూపిస్తారా?" లేపారు. గది మాయమైంది. సీటు వెనక భాగానికీ తలుపు అద్దానికీ మధ్య జానెడు జాగా మిగిలింది.

ఏడు సీట్ల కారు కొనేటప్పుడు తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న ఇదే. ఏడుగురూ కూర్చున్న తర్వాత వాళ్ల సామాను ఎక్కడ పెట్టాలి? ఈ ఒక్క ప్రశ్న వెంట వెళితే బండి భద్రత, మోసే బరువు, పెద్దవాళ్ల మోకాళ్లు అన్నీ వరుసగా ఎదురవుతాయి.

రెండు బండ్ల మధ్య తేడా

ఎంపీవీ అంటే మల్టీ పర్పస్ వెహికిల్. దీన్ని గీసేటప్పుడు ఇంజనీర్లు మనుషులతోనూ సామానుతోనూ మొదలుపెడతారు. ముందు బానెట్ పొట్టిగా, లోపలి నేల కిందికి, పైకప్పు వెనకదాకా దాదాపు సమానంగా ఉంటాయి. ఎస్‌యూవీ అంటే స్పోర్ట్ యుటిలిటీ వెహికిల్. దాని రూపం గతుకుల దారిని దృష్టిలో పెట్టుకుని వచ్చింది. బానెట్ పొడవు, చక్రాలు పెద్దవి, నేల ఎత్తు. బయట ఒకే పొడవున్న రెండు బండ్లలో ఎస్‌యూవీ తన పొడవులో కొంత బానెట్‌కూ, ఎత్తులో కొంత నేల కింద ఖాళీకీ ఇచ్చేస్తుంది. ఆ నష్టం ఎక్కువగా చివరి వరుస మీద, దాని వెనక ఉన్న డిక్కీ మీద పడుతుంది.

అంకెల్లో చూద్దాం. మారుతి ఎర్టిగా పొడవు సుమారు 4.4 మీటర్లు. మూడు వరుసలూ లేపి ఉంచితే దాని డిక్కీ 209 లీటర్లు. 2021లో వచ్చిన టాటా సఫారీ పొడవు 4.66 మీటర్లు, అంటే ఎర్టిగా కంటే జానెడుకు పైగా ఎక్కువ. కానీ మూడు వరుసలూ లేపితే దాని డిక్కీ 73 లీటర్లు. టొయోటా ఇన్నోవా హైక్రాస్ పొడవు 4.75 మీటర్లు, డిక్కీ 300 లీటర్లు.

అయితే పేరు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. మహీంద్రా ఎక్స్‌యూవీ700 ఎస్‌యూవీయే అయినా దాని డిక్కీ 240 లీటర్లు, ఎర్టిగా కంటే ఎక్కువే. ఇన్నోవా క్రిస్టా ఎంపీవీయే అయినా లారీల మాదిరిగా నిచ్చెన ఆకారపు చాసిస్ మీద కట్టినది కాబట్టి నేల కొంచెం ఎత్తుగానే ఉంటుంది. ఎంపీవీ అన్న మాట మనకు ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఏది కొనాలో టేపు, సూట్‌కేసు చెప్పాలి.

లీటర్లను సూట్‌కేసుల్లోకి మార్చడం

డిక్కీని లీటర్లలో ఎలా కొలుస్తారు? ఇందుకు వాడే ఒక ప్రామాణిక పద్ధతిలో 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మెలను డిక్కీలో పేరుస్తారు. ఒక్కో దిమ్మె ఘనపరిమాణం సరిగ్గా ఒక లీటరు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. ఇంత చిన్న దిమ్మె మూలల్లోకి కూడా దూరుతుంది. సూట్‌కేసు దూరదు. అందుకే కాగితం మీది లీటర్లు ఎప్పుడూ మనకు దక్కేదానికంటే కాస్త ఎక్కువే చెబుతాయి.

మన కుటుంబం సామాను లెక్క వేద్దాం. మధ్యరకం సూట్‌కేసు బయటి కొలతలు సుమారు 65, 45, 27 సెంటీమీటర్లు. మూడింటినీ గుణిస్తే దాదాపు 79 లీటర్లు. అలాంటివి రెండు, అంటే 158. మెత్తటి బట్టల సంచులు రెండు, ఒక్కోటి 35 లీటర్లు, అంటే 70. దారిలో తినడానికి పులిహోర డబ్బాలు, మంచినీళ్ల సీసాల సంచి ఒకటి, 25 లీటర్లు. మొత్తం 253 లీటర్లు.

ఈ సామానును మూడు డిక్కీల్లో పెట్టి చూడండి. 300 లీటర్ల దానిలో అంతా పడుతుంది. 209 లీటర్ల దానిలో రెండు సూట్‌కేసులు నిలబెట్టి, పైన ఒక బట్టల సంచి నొక్కి పెట్టవచ్చు. మిగిలిన రెండు సంచులు కాళ్ల దగ్గరికి వస్తాయి. 73 లీటర్ల దానిలో ఒక్క సూట్‌కేసు కూడా పట్టదు. దాదాపు 180 లీటర్ల సామానుకు చోటు ఉండదు.

తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. పల్లె నుంచి ఎవరూ ఖాళీ చేతులతో రారు. పాతిక కిలోల బియ్యం బస్తా సుమారు 31 లీటర్లు. ఒలిచిన కొబ్బరికాయలు ఇరవై, మధ్య సందులతో కలిపి మరో 30. అరిసెలు, పూతరేకులు, పచ్చడి జాడీలు మరో 15. ఇప్పుడు మొత్తం 330 లీటర్ల దగ్గరికి చేరింది. 300 లీటర్ల డిక్కీ కూడా నిండి, ఒక సంచి కాళ్ల దగ్గరికి వస్తుంది. చిన్న డిక్కీ ఉన్న బండికైతే ఇక ఒకటే దారి: టాప్ మీద క్యారియర్.

టాప్ మీదికి ఎక్కిన సామాను ఏం చేస్తుంది?

ప్రతి వస్తువుకూ బరువంతా ఒకచోట కేంద్రీకరించినట్టు ప్రవర్తించే బిందువు ఒకటి ఉంటుంది. దాన్ని గురుత్వ కేంద్రం అంటాం. బండి పక్కకు ఒరిగి పడుతుందా లేదా అన్నది ప్రధానంగా రెండు కొలతల మీద ఆధారపడుతుంది. కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం ఒకటి, గురుత్వ కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది రెండోది. చక్రాల మధ్య దూరంలో సగాన్ని ఈ ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను స్థిర స్థిరత్వ గుణకం అనవచ్చు. అమెరికా రహదారి భద్రతా సంస్థ బండ్లు బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి దీన్ని వాడుతుంది. మామూలు కార్లకు ఇది 1.3 నుంచి 1.5 దాకా, ఎస్‌యూవీలు, వ్యాన్ల వంటి ఎత్తైన బండ్లకు 1.0 నుంచి 1.3 దాకా ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ.

ఒక లెక్క చేద్దాం. ఇవి ఏ ఒక్క కంపెనీ బండివీ కావు, ఆ తరహా బండ్లకు దగ్గరగా ఉండే అంకెలు. ఎంపీవీ చక్రాల మధ్య దూరం 1.51 మీటర్లు, మనుషులూ సామానూ లోపలే ఉన్నప్పుడు గురుత్వ కేంద్రం ఎత్తు 0.66 మీటర్లు అనుకుందాం. 0.755ను 0.66తో భాగిస్తే 1.14. ఎస్‌యూవీ చక్రాల మధ్య దూరం 1.58 మీటర్లు, ఎత్తు 0.74 మీటర్లు అనుకుందాం. 0.79ను 0.74తో భాగిస్తే 1.07.

ఇప్పుడు ఎస్‌యూవీ డిక్కీలో చోటు లేక 75 కిలోల సామాను టాప్ ఎక్కిందనుకోండి. డిక్కీతో పోలిస్తే అది 1.05 మీటర్లు పైకి వెళ్లింది. మనుషులతో, సామానుతో బండి మొత్తం బరువు 2,360 కిలోలు అయితే, 75ను 1.05తో గుణించి 2,360తో భాగిస్తే గురుత్వ కేంద్రం 3.3 సెంటీమీటర్లు పైకి జరిగినట్టు. గుణకం 1.02కు దిగుతుంది. సామాను లోపల పెట్టుకున్న ఎంపీవీ 1.14 దగ్గరే ఉంది. ఎంపీవీ మీద క్యారియర్ వేసినా ఇదే జరుగుతుంది. బండి తేలిక కాబట్టి దాని గురుత్వ కేంద్రం ఇంకొంచెం ఎక్కువే పైకి జరుగుతుంది. కాబట్టి ఇక్కడ లాభం ఎంపీవీ అన్న పేరు వల్ల వచ్చింది కాదు, సామాను టాప్ ఎక్కాల్సిన అవసరం లేకపోవడం వల్ల వచ్చింది.

ఈ గుణకాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 34 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు లాగే త్వరణం గురుత్వ త్వరణంలో 0.3 వంతు మాత్రమే. 50 కిలోమీటర్లకు పెంచితే 0.66 వంతు. గుణకం 1.02 ఉన్న బండి కూడా పొడి తారు రోడ్డు మీద ఊరికే బోల్తా పడదు. దానికంటే ముందే టైర్లు జారతాయి. ప్రమాదం వచ్చేది జారుతున్న చక్రం దేనికో తట్టుకున్నప్పుడు. తారు అంచు నుంచి దిగి మెత్తటి మట్టిలో కూరుకున్నా, డివైడర్ రాయికి తగిలినా చక్రం ఆగుతుంది, పైభాగం ఆగదు. కోనసీమ కాలువ గట్ల మీది రోడ్లు తెలిసినవారికి ఇది చెప్పనక్కర లేదు. ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు దారి ఇవ్వడానికి ఒక చక్రం దిగితే చాలు. అలాంటి చోట గురుత్వ కేంద్రం కిందికి ఉన్న బండికి తేరుకునే అవకాశం ఎక్కువ. బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ చాలా సాయపడుతుంది కానీ, మట్టిలో ఇరుక్కున్న చక్రాన్ని అది బయటికి తీయలేదు.

బరువుకూ ఒక హద్దు ఉంది

చోటు దొరికిందని ఎంతైనా ఎక్కించకూడదు. బండితో వచ్చే పుస్తకంలో రెండు అంకెలు చూడండి. ఒకటి ఇంధనం, స్పేర్ చక్రంతో సహా బండి సొంత బరువు. రెండోది మనుషులూ సామానూ కలిపి మించకూడని మొత్తం బరువు. రెండింటి మధ్య తేడాయే మీరు ఎక్కించగలిగింది.

మన ఉదాహరణలో ఎంపీవీ సొంత బరువు 1,180 కిలోలు, మించకూడని బరువు 1,785 కిలోలు అనుకుందాం. తేడా 605. ఏడుగురి బరువు కలిపి 435 కిలోలు. వెళ్లేటప్పటి సామాను 55 కిలోలు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో 45. మొత్తం 535. ఇంకా 70 కిలోలు మిగిలాయి. రెండో బియ్యం బస్తా ఎక్కించవచ్చు, నాలుగోది ఎక్కించకూడదు. పెద్ద బండి ఎక్కువ మోస్తుందని చాలామంది అనుకుంటారు. పెద్ద బండి సొంత బరువే ఎక్కువ కాబట్టి, మోసే బరువు అదే నిష్పత్తిలో పెరగదు. ఎస్‌యూవీకి కూడా ఈ తీసివేత చేసి చూడాల్సిందే.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నదీ ముఖ్యం. ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. కారులోనూ అంతే. డిక్కీ వెనక ఇరుసు దాటి ఉంటుంది. ఇరుసుకు 75 సెంటీమీటర్ల వెనక 80 కిలోలు పెడితే, ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.74 మీటర్లున్న బండిలో ముందు చక్రాల మీది నుంచి దాదాపు 22 కిలోలు తగ్గిపోతాయి. వెనక చక్రాల మీద 80కి బదులు 102 కిలోలు పడతాయి. ఇరుసుల మధ్య దూరం ఎక్కువున్న కొద్దీ ఈ ప్రభావం తగ్గుతుంది.

వెనక భారం ఎక్కువైందని తెలుసుకోవడానికి తూకం అక్కర లేదు. రాత్రి ఎదురుగా వచ్చేవారు పదే పదే లైట్లు కొడుతుంటే మీ హెడ్‌లైట్లు పైకి లేచాయన్నమాట. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక "ధబ్" అని చప్పుడు వస్తే స్ప్రింగులు చివరిదాకా నొక్కుకుపోయాయన్నమాట. స్టీరింగ్ తేలికగా, నిలకడ లేకుండా అనిపించినా కారణం అదే. చాలా బండ్లలో హెడ్‌లైట్ల కోణం దించడానికి డ్రైవర్ దగ్గర చిన్న మీట ఉంటుంది. నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన పట్టీలో విడిగా రాసి ఉంటుంది. బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే ఆ మేరకు గాలి నింపాలి.

నాయనమ్మ మోకాళ్లు, చివరి వరుస తలలు

ఇంట్లో మెట్టు ఎత్తు సాధారణంగా 15 నుంచి 18 సెంటీమీటర్లు. ఎత్తైన ఎస్‌యూవీలో నేల నుంచి లోపలి అడుగు దాకా ఎత్తు దాదాపు మూడు మెట్లంత ఉండవచ్చు. మోకాళ్లు అరిగిన మనిషి ఒకే అడుగులో దాన్ని ఎక్కాలంటే మోకాలిని బాగా వంచి, ఒంటి కాలి మీద శరీరం బరువంతా లేపాలి. పక్కన ఫుట్‌బోర్డు ఉంటే ఎక్కడం సులువవుతుంది కానీ, దిగేటప్పుడు అది కనిపించక తడబడే పెద్దవాళ్లూ ఉన్నారు. నేల కిందికి ఉన్న ఎంపీవీలో సీటు దాదాపు తుంటి ఎత్తుకు వస్తుంది. ఎక్కడం, దిగడం బదులు పక్కకు జరిగి కూర్చోవడమే ఉంటుంది.

చివరి వరుసలో ఇంకో చిక్కు ఉంది. అక్కడి నేల ఎత్తుగా, సీటు పొట్టిగా ఉంటే మోకాళ్లు ఛాతీ వైపు లేస్తాయి. తొడలకు ఆధారం ఉండదు, బరువంతా నడుము కింద పడుతుంది. అరగంటకు ఫరవాలేదు, ఎనిమిది గంటలకు కాదు. కూర్చున్నాక తొడ కింద అరచేయి పెట్టి చూడండి. సులువుగా దూరిపోతే ఆ సీటు తొడను మోయడం లేదని అర్థం.

చివరి వరుసలో కూర్చున్నవారి తల వెనకే సామాను ఉంటుందన్న సంగతి మరవకూడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బండి దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగితే, 15 కిలోల సూట్‌కేసు 200 కిలోలకు పైగా బరువు తోసినంత బలంతో ముందుకు దూసుకొస్తుంది. అందుకే బరువైనవి అడుగున, సీటుకు ఆనించి పెట్టాలి. సీటు వీపు అంచు దాటి ఏదీ పేర్చకూడదు. పచ్చడి జాడీలైతే సరేసరి.

ఎస్‌యూవీయే సరైన చోటు

ఈ లెక్కలన్నీ చూసి ఎస్‌యూవీ పనికిరాదనుకోవద్దు. ఇంటికి చేరే చివరి రెండు కిలోమీటర్లు వర్షాకాలంలో గాడులు పడే మట్టిబాట అయితే, నిండు బరువుతో ఎంపీవీ అడుగుభాగం రాళ్లకు తగులుతుంది. బరువు ఎక్కిన కొద్దీ బండి కిందికి దిగుతుందని, పుస్తకంలో రాసిన గ్రౌండ్ క్లియరెన్స్ ఆ మేరకు తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఎర్టిగా, హైక్రాస్ వంటివి ముందు చక్రాలతో నడిచే బండ్లు. వెనక బరువుతో ఏటవాలు బురద దారి ఎక్కేటప్పుడు ముందు చక్రాల మీద భారం తగ్గి అవి ఊరికే తిరుగుతాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఎస్‌యూవీకి అక్కడ తిరుగులేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు నలుగురే తిరిగితే, చివరి వరుస మడిచి ఉంచితే, డిక్కీ చిక్కే రాదు.

షోరూమ్‌లో అరగంట

కొనేముందు ఒక్కసారి కుటుంబమంతా కలిసి వెళ్లండి. ఇంట్లో ఉన్న రెండు పెద్ద సూట్‌కేసులు వెంట తీసుకెళ్లండి. ముందు చివరి వరుస లేపించి, ఇద్దరు పెద్దవాళ్లను అందులో పది నిమిషాలు కూర్చోబెట్టండి. మధ్య వరుసను వాళ్ల మోకాళ్లకు జాగా వచ్చేలా సర్దండి. అందరూ కూర్చున్నాక సూట్‌కేసులు పెట్టి, వెనక తలుపు మూయండి. తలుపు పూర్తిగా పడకపోతే నొక్కకండి. నాయనమ్మను తనంతట తానే ఎక్కి దిగమనండి, చేయి అందించవద్దు. ఏడు సీట్లకూ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందో లేదో చూడండి. చివరగా పుస్తకం తెరిచి ఆ రెండు బరువుల తేడా రాసుకోండి.

మన కుటుంబం రెండు షోరూమ్‌లలో ఈ పని చేస్తే, మొదటి బండి వెనక తలుపు సూట్‌కేసుకు తగిలి ఆగిపోతుంది, రెండోది మూతపడుతుంది. నిర్ణయం అక్కడే అయిపోయింది. ఇక మిగిలింది రంగు ఎంచుకోవడం. దానికి మాత్రం ఏ సూత్రమూ లేదు, మనవరాలు ఏది చెబితే అదే.